మాట లేకుండా పదకొండు ఫోటోలు: జిరాక్స్ సెంటర్‌లో పని తేల్చుకునే పద్ధతి

ఉదయం షట్టర్ ఎత్తి సిస్టమ్ ఆన్ చేసేసరికి వాట్సాప్‌లో ఏదో కొత్త నంబరు. కింద పదకొండు ఫోటోలు. పేరు లేదు, ‘నమస్తే’ లేదు, ఏం కావాలో ఒక్క ముక్క లేదు. కాలేజీ ఎదురుగా జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాళ్లకి ఇది రోజూ ఉండేదే. ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యాక రోజుకి పది పదిహేను కట్టలు ఇలాగే వస్తాయి.

కొత్తగా షాపు పెట్టినవాళ్లు ఇక్కడ రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. వెంటనే ‘ఏం కావాలి?’ అని మెసేజ్ కొట్టి ఊరుకుంటారు. అవతలివాళ్లు సాయంత్రం వరకు చూడరు, చూశాక నేరుగా షాపుకొచ్చి ‘అయిపోయిందా?’ అంటారు. లేదంటే చూడగానే ఏదో ఊహించేసుకుని ప్రింట్లు తీసేస్తారు. నేను రెండూ చేశాను. ఆధార్, ఫోటో, సంతకం అని మూడు ఫోటోలు వస్తే పాన్ కార్డే అనుకుని కొత్త అప్లికేషన్ మొత్తం నింపేశాను. డబ్బు కట్టే ముందు ఫోన్ చేశాను కాబట్టి సరిపోయింది. ఆయనకి పాన్ ఎప్పుడో ఉంది, కావాల్సింది పేరులో తప్పు దిద్దడం. ఒక మనిషికి రెండు పాన్‌లు ఉండకూడదు కాబట్టి, కొత్తది పంపేసి ఉంటే ఆయనకి లేని తలనొప్పి తెచ్చిపెట్టేవాడిని.

ఆ రోజు నుంచి నాకొక వరస ఏర్పడింది. ఒక కౌన్సెలింగ్ సీజన్‌లో వచ్చిన కట్టనే తీసుకుని దాన్ని చెప్తాను. వివరాలు కొన్ని మార్చాను, పని మాత్రం అదే.

మొదటి పని: అన్నీ దించుకుని, వచ్చిన వరస చెడకుండా నంబర్లు వేయండి

ఫోన్‌లో ఒక్కొక్క ఫోటో తెరిచి చూస్తే మూడోది చూసేసరికి మొదటిది మర్చిపోతాం. సిస్టమ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, అన్నీ అందులోకి దించి, పెద్ద ఐకాన్లుగా ఒకేసారి చూడాలి. వాట్సాప్ వెబ్‌లో దించితే పేర్లు ఇలా ఉంటాయి:

```
WhatsApp Image 2025-07-08 at 07.41.12.jpeg
WhatsApp Image 2025-07-08 at 07.41.12 (1).jpeg
WhatsApp Image 2025-07-08 at 07.41.12 (2).jpeg
```

ఆ టైము ఫోటో తీసిన టైము కాదు, మనకి పంపిన టైము. వాట్సాప్ ఫోటోని కుదించి పంపేటప్పుడు కెమెరా రాసిపెట్టుకున్న తేదీ, టైము లాంటివి పోతాయి. అందుకే ప్రాపర్టీస్ తెరిచి ‘ఎప్పుడు తీశారు’ అని వెతకడం దండగ. బ్రాకెట్లో నంబరు లేని మొదటి ఫైలు ఒక్కోసారి ఫోల్డర్‌లో చివరికి పోతుంది, అదొకటి చూసుకోండి. చాట్‌లో కనిపించే వరసతో పోల్చుకుని 01, 02, 03 అని పేర్లు మార్చేస్తే ఇక వరస చెదరదు.

ఈ వరస కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, మాటల్లేని కట్టలో పంపినవాళ్ల ఉద్దేశం బయటపెట్టే మొదటి ఆనవాలు అదే. ఫోన్ గ్యాలరీలో కొత్త ఫోటోలు పైన ఉంటాయి. పంపేవాళ్లు చాలామంది పైనుంచి కిందికి టిక్కులు పెట్టుకుంటూ పోతారు. కాబట్టి చివర తీసిన ఫోటో మనకి మొదట వస్తుంది. ముందు వచ్చినట్టే ఒకసారి చదవండి, తర్వాత వెనక నుంచి చదవండి. వెనక నుంచి చదివితేనే అర్థం కుదిరిన కట్టలు నాకు చాలా తగిలాయి.

ఆ రోజు వచ్చినవి వచ్చిన వరసలో ఇవీ: బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఆధార్ వెనక వైపు, ఆధార్ ముందు వైపు, క్యాస్ట్ సర్టిఫికెట్, రైస్ కార్డు, ఇంటర్ స్టడీ సర్టిఫికెట్, స్కూల్ స్టడీ సర్టిఫికెట్, ఇంటర్ మెమో, టెన్త్ మెమో, ఈఏపీసెట్ ర్యాంక్ కార్డు స్క్రీన్‌షాట్, గుమ్మం ముందు నిలబడ్డ ఒక అమ్మాయి ఫోటో.

ఇలా చదివితే పాస్‌బుక్‌తో మొదలైంది కాబట్టి బ్యాంకు పనేమో అనిపిస్తుంది. వెనక నుంచి చదవండి: ర్యాంక్ కార్డు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయానికి రైస్ కార్డు, కులానికి సర్టిఫికెట్. ఇవి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి అడిగే కాగితాలు. ఎవరో ఆ లిస్టు ముందు పెట్టుకుని, ఇంట్లో మంచం మీద ఒక్కో కాగితం పరిచి ఫోటో తీశారు. (దుప్పటి పువ్వులు అన్నిటి వెనకా ఒకటే. దుప్పటి మారితే వేరే రోజు తీసిందో, వేరే ఇంట్లో తీసిందో అనుకోవచ్చు. చిన్న విషయమే గాని పనికొస్తుంది.)

రెండో పని: ఒక్కో ఫోటోలో ఎవరి పేరు ఉందో రాసుకోండి

కాగితం ఏమిటన్నది అందరం చూస్తాం, అది ఎవరిదన్నది వదిలేస్తాం. తెల్ల కాగితం మీద మూడు గళ్లు గీసుకుంటే చాలు: నంబరు, కాగితం, పేరు. ఎక్కువ కాగితాల మీద ఎవరి పేరు ఉందో పని వాళ్లదే. మిగతా పేర్లు ఎందుకు వచ్చాయో చెప్పుకోగలగాలి. చెప్పుకోలేకపోతే అక్కడ తప్పైనా ఉంటుంది, రెండో పనైనా ఉంటుంది.

ఈ కట్టలో ఏడింటి మీద ఆ అమ్మాయి పేరే. రైస్ కార్డు ఇంటిపెద్ద పేరు మీద ఉంది, అందులో ఈ అమ్మాయి పేరూ ఉంది, సరే. పాస్‌బుక్ తల్లిది, దాని సంగతి తర్వాత చూద్దాం. ఫోటోకి పేరు ఉండదు. ఇక మిగిలింది ఆధార్ వెనక వైపు.

ఆధార్ వెనక పేరు ఉండదు, అడ్రసు, నంబరు ఉంటాయి. అడ్రసు చూస్తే అదే వీధి, అదే డోర్ నంబరు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి ముందూ వెనకా కలిపి ప్రింటు తీసేస్తారు. కానీ నంబరు రెండు వైపులా ఉంటుంది కదా, చివరి నాలుగు అంకెలు పోల్చండి. ముందు వైపు ఒకటి, వెనక ఇంకొకటి. మళ్లీ అడ్రసు పైకి చూస్తే ‘S/O’ అని ఉంది. అమ్మాయిదైతే ‘D/O’ అనో ‘C/O’ అనో ఉండాలి. అది ఆమె తమ్ముడి కార్డు. ఒకే ఇంట్లో నాలుగు కార్డులు ఒకే కవర్లో పెట్టుకునేవాళ్లకి ఇది మామూలే. అందుకే ఆధార్ రెండు వైపులూ వచ్చిన ప్రతిసారీ నేను ఆ నాలుగంకెలు వేలు పెట్టి మరీ చూస్తాను. పది సెకన్ల పని.

మూడో పని: జట్టులో కలవని కాగితం పట్టుకోండి

ఆధార్, ఫోటో, టెన్త్ మెమో ఏ పనికైనా పనికొస్తాయి, కాబట్టి అవి ఏ పనో చెప్పవు. ఒకటి రెండు పనులకి మాత్రమే వాడే కాగితం ఏదన్నా ఉందా అని వెతకాలి. ర్యాంక్ కార్డు ఉంటే కౌన్సెలింగ్. పట్టాదారు పాస్‌బుక్‌తో పాటు బ్యాంకు పాస్‌బుక్ ఉంటే రైతు పథకమో పంట రుణమో. పాత పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు కలిపి వస్తే రెన్యువల్. డాక్యుమెంట్ పేజీలు వరసగా వచ్చి మూలన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముద్రతో ‘Sheet 3 of 10’ అని కనిపిస్తే, అన్నీ కలిపి ఒక పీడీఎఫో జిరాక్స్ సెట్టో అడుగుతున్నారు. ఆ ముద్ర నంబరే పేజీల వరస కూడా చెప్తుంది, మనం ఊహించక్కర్లేదు.

ఈ కట్టలో ర్యాంక్ కార్డు ఒక పనిని తేల్చేసింది. తల్లి పాస్‌బుక్ మాత్రం కౌన్సెలింగ్ లిస్టులో లేదు. అది, ఆధార్ కలిసి కట్ట చివర తీసినవి. అంటే లిస్టు అయిపోయాక, ‘ఇవి కూడా కావాలంటారేమో’ అని తీసినవన్నమాట. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసమై ఉండొచ్చు. అది కాలేజీలో చేరాక చూసుకునే పని, ఈ రోజుది కాదు. గుమ్మం ముందు ఫోటో పాస్‌పోర్ట్ సైజు ప్రింట్ల కోసం. కాబట్టి ఇక్కడ పని ఒకటి కాదు, మూడు.

నాలుగో పని: లేనివి లెక్కపెట్టండి

పని ఏమిటో ఊహకి అందాక, ఆ పనికి కావాల్సిన లిస్టు పక్కన పెట్టుకుని లేనివి చూడాలి. పంపినవాళ్లకి మనం నిజంగా ఉపయోగపడేది ఇక్కడే.

హాల్ టికెట్ ఫోటో లేదు. ర్యాంక్ కార్డు మీద హాల్ టికెట్ నంబరు ఉంటుంది గనక కంగారు లేదు, కాకపోతే ప్రింటు సెట్టులోకి కావాలి. టీసీ లేదు. అది ఇంకా కాలేజీలోనే ఉండి ఉంటుంది.

అసలు సంగతి స్టడీ సర్టిఫికెట్ల దగ్గర తేలింది. రెండు కాగితాలున్నాయి, చూడగానే సరిపోయాయనిపిస్తుంది. కౌన్సెలింగ్‌కి 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా కావాలి, అంటే 7 ఏళ్లు. కాగితాల్ని కాదు, ఏళ్లని లెక్కపెట్టాలి. ఇంటర్‌ది 2 ఏళ్లు. స్కూలుది చదివితే 8, 9, 10 తరగతులే. మొత్తం 5. ఆ అమ్మాయి 6, 7 వేరే స్కూల్లో చదివింది, ఆ సర్టిఫికెట్ తీసుకోలేదు. లోకల్ అభ్యర్థా కాదా అన్నది తేల్చేది ఈ కాగితాలే. వెరిఫికేషన్ రోజు తెలిస్తే ఆ పాత స్కూలుకి పరిగెత్తాలి, హెడ్‌మాస్టర్ ఆ రోజు ఉండాలి, అదంతా టెన్షన్. ముందే చెప్తే తీరిగ్గా తెచ్చుకుంటారు.

ఇక చదవడానికి రాని వాటినీ లేనివాటితోనే కలపండి. క్యాస్ట్ సర్టిఫికెట్ ఫోటోలో సరిగ్గా అప్లికేషన్ నంబరు దగ్గర మడత పడింది. కౌన్సెలింగ్‌లో కులం, ఆదాయం వివరాలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే సరిచూసుకుంటారు, దానికి ఆ నంబరు కావాలి. 3 అంకో 8 అంకో ఊహించి కొట్టకండి. ఆ ఒక్క చోటు దగ్గరగా మళ్లీ తీసి పంపమనండి.

ఐదో పని: పనుల్ని వరసలో పెట్టండి

ఇక్కడ చాలామంది గడువునే చూస్తారు. గడువు ముఖ్యమే, కానీ నేను ముందు వేరేది చూస్తాను: తప్పయితే వెనక్కి తీసుకోగలనా లేదా? ఆ లెక్కన పనులు మూడు గుంపులవుతాయి.

మొదటివి, ఎవర్నీ అడక్కుండా చేయగలిగేవి. ఫోటోలు తిన్నగా తిప్పడం, దుప్పటి కత్తిరించడం, వెలుతురు సరిచేయడం, ఒక్కోదానికి పేరు పెట్టడం, పీడీఎఫ్ కట్టడం. అడిగేది ఏదైనా ఇవి కావాల్సిందే, ఊహ తప్పినా నష్టం లేదు. ఫైళ్ల పేర్లు నేను ఇలా పెడతాను:

```
01_rank_card.jpg
02_ssc_memo.jpg
03_inter_memo.jpg
04_study_8_to_10.jpg
```

రెండోవి, కాగితమో సిరానో ఖర్చయ్యేవి. ప్రింట్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు. ఇవి సిద్ధం చేసి పెట్టుకుంటాను, ప్రింట్ బటన్ మాత్రం నొక్కను. ఎన్ని సెట్లో, కలరో బ్లాక్ అండ్ వైటో తెలియకుండా తీస్తే ఆ కాగితాలు మనకే మిగులుతాయి.

మూడోవి, వెనక్కి రానివి. ఫీజు కట్టడం, అప్లికేషన్ సబ్మిట్ కొట్టడం, ఆప్షన్లు ఫ్రీజ్ చేయడం, ఓటీపీ అడగడం. ఇవి మనిషి నోటితో చెప్తేగాని ముట్టుకోను, రేపే చివరి తేదీ అయినా సరే. గడువు దగ్గర పడితే చేయాల్సింది ఫోన్ మాత్రమే, ఆ రోజు ఉన్న కట్టలన్నిట్లో ఆ కట్టకే ముందు ఫోన్ వెళ్తుంది. ఏ గుంపులోనైనా ముందూ వెనకా ఏది అన్నప్పుడే గడువు చూస్తాను.

ఒక పని మీద ఇంకోటి ఆధారపడితే అది కూడా చూసుకోవాలి. క్యాస్ట్ సర్టిఫికెట్ నంబరు లేకుండా రిజిస్ట్రేషన్ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోవడం కంటే, ముందు నంబరు తెప్పించుకోవడం నయం.

గుమ్మం ముందు ఫోటో గురించి ఒక మాట

పాస్‌పోర్ట్ సైజు 35 × 45 మిల్లీమీటర్లు. మంచి ప్రింటుకి 300 డీపీఐ చొప్పున వేసుకుంటే 413 × 531 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్ మామూలు క్వాలిటీలో పంపిన ఫోటో పొడవు దాదాపు 1600 పిక్సెళ్లకి తగ్గిపోతుంది. మనిషి తల నుంచి కాళ్ల దాకా ఉన్న ఫోటోలో తల, భుజాల వరకు కత్తిరిస్తే అందులో పావు వంతు, అంటే 400 పిక్సెళ్లు కూడా కష్టమే. స్క్రీన్ మీద బాగానే ఉంటుంది, ప్రింటులో మొహం మైనం పూసినట్టు వస్తుంది. అందుకని ముందే చెప్పేయాలి: తెల్లగోడ ముందు నిలబెట్టి, నడుము పైన మాత్రమే వచ్చేలా తీసి, ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపమని. అలా పంపితే కుదించకుండా వస్తుంది. 4 × 6 అంగుళాల షీటులో ఇవి 8 పడతాయి, కాబట్టి ‘ఎన్ని కావాలి’ అని అడిగేటప్పుడు ‘8 చాలా, 16 కావాలా’ అని అడగండి.

ఆరో పని: ఒక్క మెసేజ్, ఆ తర్వాత ఫోన్

ఇప్పుడు అడగొచ్చు. ‘ఏం కావాలి?’ అని కాదు. మనకి తెలిసింది చెప్పి, ఒకటో రెండో అంకె కొడితే సరిపోయేలా అడగాలి. ఆ రోజు నేను పంపింది ఇది:

‘నమస్తే అమ్మా, మీ 11 ఫోటోలు చూశాను. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కాగితాలు అనుకుంటున్నాను. 1) జిరాక్స్ సెట్లు మాత్రమేనా 2) రిజిస్ట్రేషన్, ఫీజు కూడా మేమే చేయాలా? నంబరు చెప్తే చాలు. ఆధార్ వెనక వైపు వేరేవాళ్లది వచ్చింది. 6, 7 తరగతుల స్టడీ సర్టిఫికెట్ లేదు. క్యాస్ట్ సర్టిఫికెట్ నంబరు దగ్గర మళ్లీ ఫోటో తీయండి.’

ఇంతకంటే పొడుగు రాస్తే చదవరు. పావుగంటలో బ్లూ టిక్కులు రాకపోతే ఫోన్ చేస్తాను. ఆ రోజు ఫోన్ ఎత్తింది ఆ అమ్మాయే.

‘నాన్న ఫోన్ నుంచి పంపానన్నా. టైప్ చేద్దామనుకునేలోపే డేటా అయిపోయింది. ఫీజు నాన్న నిన్న రాత్రే కట్టేశారు. నాకు రెండు సెట్లు జిరాక్స్, ఎనిమిది ఫోటోలు చాలు.’

చూశారుగా, పెద్ద పనిగా నేను అనుకున్నది అప్పటికే అయిపోయింది. ఓసీ, బీసీలకు ఆ ప్రాసెసింగ్ ఫీజు 1200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600. మన చేత్తో ఆ స్క్రీన్ దాకా వెళ్లి ఉంటే కనీసం అరగంట దండగయ్యేది. పీడీఎఫ్‌కీ, ప్రింట్లకీ చేసుకున్న ఏర్పాటు మాత్రం ఒక్క నిమిషం కూడా వృథా పోలేదు. పాస్‌బుక్ గురించి అడిగితే, ‘అమ్మ పంపమంది అన్నా, ఎందుకో నాకూ తెలీదు’ అంది. పక్కన పెట్టేశాం.

ఊహ ఎక్కడ పనిచేయదు

రెండు కుటుంబాల కాగితాలు ఒకే ఫోన్ నుంచి వచ్చినప్పుడు ఈ పద్ధతి తడబడుతుంది. ఊళ్లో ఒక కుర్రాడు నలుగురికి సాయం చేస్తూ అందరివీ కలిపి పంపేస్తాడు. పేర్ల గడిలో మూడు ఇంటిపేర్లు కనిపించాయంటే ఊహించడం ఆపేసి, మనిషికో ఫోల్డర్ చేసి, ముందు ఫోనే చేయండి. మూడో, అంతకంటే తక్కువో ఫోటోలు వచ్చినా అంతే, ఆనవాళ్లు చాలవు. నా పాన్ కథ అలాంటిదే. ఒకే ఫోటో నాలుగుసార్లు వస్తే అది నాలుగు కాపీలు అడిగినట్టు కాదు, సిగ్నల్ లేక మళ్లీ మళ్లీ నొక్కారన్నమాట. అయినా అడగండి, నిజంగానే నాలుగు కాపీల కోసం నాలుగుసార్లు పంపిన పెద్దాయన కూడా నాకు తెలుసు.

పని అయ్యాక

ఈ కట్టల్లో ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు, ఆడపిల్లల ఫోటోలు ఉంటాయి. షాపు ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘Media visibility’ ఆపేస్తే అవి గ్యాలరీలోకి చేరవు. సిస్టమ్‌లో ఫోల్డర్‌ని మనిషి ప్రింట్లు పట్టుకెళ్లిన రోజే తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తాను. ఆధార్ పూర్తి నంబరు అవసరం లేని చోట, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చని కస్టమర్‌కి చెప్తాను, చాలామందికి అలాంటిది ఉందనే తెలియదు.

ఆ అమ్మాయి మర్నాడు సాయంత్రం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి తన ఆధార్ కార్డే తెచ్చింది, ఒరిజినల్. 6, 7 తరగతుల సర్టిఫికెట్ కోసం పొద్దున్నే పాత స్కూలుకి వెళ్లొచ్చారట. అది సెట్టులో ఐదో కాగితంగా పెట్టి స్టేపుల్ కొట్టాను.